సేరుంబావు గోధుమలు, ఇరవయ్యేళ్ల చాకిరీ

ప్రేమ్‌చంద్ హిందీలో రాసిన ‘సవా సేర్ గేహూఁ’ కథలో రైతు చేసిన అప్పు సేరుంబావు గోధుమలు. ఇప్పటి తూకంలో కిలోకు కాస్త పైన. ఆ అప్పు కింద శంకర్ అనే ఆ రైతు ఇరవయ్యేళ్లు ఊరి వడ్డీ వ్యాపారి ఇంట్లో చాకిరీ చేసి చనిపోతాడు. చనిపోయేనాటికి కూడా అతని పేరు మీద నూట ఇరవై రూపాయల బాకీ నిలిచే ఉంటుంది. ఆ బాకీకి అతని కొడుకును పట్టుకుపోయి పనిలో పెడతారు.

సమాజశాస్త్రం చదివే విద్యార్థులకు బంధిత శ్రమ గురించి చెప్పాలంటే చాలామంది అధ్యాపకులు నిర్వచనంతో మొదలుపెడతారు. అప్పుకు బదులుగా శ్రమను తాకట్టు పెట్టడం అని ఒక వాక్యం రాయిస్తారు. విద్యార్థి అది బట్టీపట్టి పరీక్షలో రాస్తాడు. కానీ కాళ్లకు సంకెళ్లు లేని మనిషి, ఊరి మధ్యలో అందరూ చూస్తుండగా ఇరవయ్యేళ్లు ఎందుకు కదలలేకపోయాడన్న ప్రశ్నకు ఆ వాక్యంలో జవాబు లేదు. ఈ కథలో ఉంది. పట్టుమని పది పేజీలు లేని కథలో ప్రేమ్‌చంద్ ఒక్కో మెట్టూ దించుకుంటూ తీసుకెళ్లి చూపిస్తాడు. అందుకే పాఠం ఈ కథతో మొదలవ్వాలని నా అభిప్రాయం. అయితే కథ చదివి కన్నీళ్లు పెట్టుకుని వదిలేస్తే లాభం లేదు. పెన్సిల్ పట్టుకుని లెక్క వేస్తూ చదవాల్సిన కథ ఇది.

కథ మొదలయ్యేటప్పటికి శంకర్ మామూలు రైతు. కుర్మీ కులస్థుడు, అమాయకుడు, ఒకరి జోలికి పోయేవాడు కాదు. ఒక సాయంత్రం ఓ సాధువు గుమ్మంలోకి వస్తాడు. ఇంట్లో యవల పిండి తప్ప మరేమీ లేదు. అంత పెద్దాయనకు ముతక తిండి ఎలా పెడతామని మొగుడూ పెళ్లాలు మథనపడతారు. ఊళ్లో గోధుమ పిండి దొరకదు. చివరికి విప్ర మహరాజ్ అనే బ్రాహ్మణుడి ఇంట్లో సేరుంబావు గోధుమలు బదులు దొరుకుతాయి. భార్య వాటిని విసురుతుంది. సాధువు తిని, పడుకుని, తెల్లారి దీవించి వెళ్లిపోతాడు.

ఇక్కడ ఒక క్షణం ఆగాలి. ఈ అప్పు విత్తనాలకు చేసింది కాదు, ఎద్దును కొనడానికి చేసింది కాదు. మర్యాద నిలుపుకోవడానికి చేసింది. పల్లెల్లో మనిషిని కట్టిపడేసే అప్పుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. పెళ్లి, చావు, జబ్బు, పండగ. వీటిలో దేన్నీ వాయిదా వేయలేం, దేని నుంచీ పంటలాగా తిరిగి రాబడి రాదు. ఖర్చు తప్పదు, ఆదాయం పెరగదు, బాకీ మాత్రం నిలుస్తుంది.

శంకర్ బాకీ ఎగ్గొట్టేవాడు కూడా కాదు. విప్ర మహరాజ్ ఏటా రెండుసార్లు కళ్లాల దగ్గరికొచ్చి తన వంతు గింజలు తీసుకెళ్లడం ఆ ఊరి ఆనవాయితీ. పంట చేతికొచ్చాక శంకర్ మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువే కొలిచి పోస్తాడు. సేరుంబావు గోధుమల సంగతి నోరు తెరిచి ప్రత్యేకంగా చెప్పడమేమిటి, ఇద్దరికీ తెలిసిందేగా అనుకుంటాడు. విప్రుడూ ఏమీ అనడు. శంకర్ దృష్టిలో ఆ రోజుతో అప్పు తీరిపోయింది.

ఏడేళ్లు గడుస్తాయి. ఈలోగా విప్రుడు వడ్డీ వ్యాపారి అవుతాడు. శంకర్ తమ్ముడు వేరుపడి వ్యవసాయం ముక్కలై, శంకర్ రైతుతనం పోయి కూలీగా మిగులుతాడు. అప్పుడు ఒకరోజు దారిలో విప్రుడు ఆపి, నీ బాకీ అయిదున్నర మణుగులైంది, ఎప్పుడు ఇస్తావని అడుగుతాడు.

పెన్సిల్ పట్టుకోవాల్సింది ఇక్కడే. ఉత్తరాదిలో వాడుకలో ఉన్న మణుగు అంటే నలభై సేర్లు. అయిదున్నర మణుగులంటే 220 సేర్లు. సేరుంబావు 220 సేర్లు కావాలంటే 176 రెట్లు పెరగాలి. ఏటా రెట్టింపు చొప్పున పెంచుతూ పోయినా ఏడేళ్లకు 160 సేర్లే అవుతుంది. అంటే విప్రుడు వేసిన లెక్కలో అప్పు ఏటా రెట్టింపుకన్నా ఎక్కువ పెరిగింది. గింజల అప్పు మీద పంటకు సగం వడ్డీ, ఒక్కోచోట అంతకు అంత తీసుకోవడం మన పల్లెలకూ కొత్త కాదు. తెలంగాణలో దీన్ని నాగు అన్నారు. వానాకాలంలో తిండికి లేక బస్తా వడ్లు తెచ్చుకుంటే కోతల్లో బస్తాన్నర కొలవాలి. అది కొలవలేకపోతే వచ్చే పంటకు ఆ బస్తాన్నరే అసలవుతుంది. అలా రెండు పంటలు తప్పితే బస్తా కాస్తా రెండుంబావు బస్తాలు దాటుతుంది. వాన ఒకటి రెండేళ్లు ముఖం చాటేస్తే చాలు.

అయితే వడ్డీ రేటు ఒక్కటే చూసి ఆగిపోతే కథలోని అసలు విషయం చేజారిపోతుంది. కీలకం చిట్టా ఎవరి చేతిలో ఉందన్నది. శంకర్ కళ్లంలో ఎక్కువ కొలిచిన గింజలు చిట్టాలోకి ఎక్కలేదు. అది దానం ఖాతాలో పడింది. మొదట తీసుకున్న సేరుంబావు మాత్రం అప్పు ఖాతాలో పడింది. గింజలు రెండు వైపులా కదిలాయి. కాగితం మీద ఒక వైపే కదిలాయి. శంకర్ దగ్గర రాత లేదు, రసీదు లేదు, సాక్షి లేడు. విప్రుడు ఏడేళ్లు నోరు మెదపకపోవడం మరుపు వల్ల జరిగింది కాదు. మొదటి ఏడాదే అడిగి ఉంటే రెండు సేర్లతో తీరిపోయేది. అడగకుండా ఉంచడమే అతని పెట్టుబడి.

తరగతిలో ఈ కథ చెప్పే అధ్యాపకులకు ఒక పని సూచిస్తాను. విద్యార్థులను రెండు చిట్టాలు రాయమనండి. ఒకటి విప్రుడిది, రెండోది శంకర్ రాయగలిగి ఉంటే ఎలా రాసేవాడో అది. రెండో చిట్టాలో మొదటి పంటకే బాకీ సున్నా అవుతుంది. ఒకే లావాదేవీకి రెండు లెక్కలు ఉన్నప్పుడు ఊరు ఏ లెక్కను నిజమని ఒప్పుకుంటుందన్నదే అధికారం గురించి సమాజశాస్త్రం అడిగే ప్రశ్న. పాఠ్యపుస్తకంలో పేజీలకు పేజీలు చెప్పేది ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

శంకర్ వాదించడానికి ప్రయత్నిస్తాడు. ఎక్కువ కొలిచాను గదా అంటాడు. అప్పుడు విప్రుడు పరలోకం మాట తెస్తాడు. ఇక్కడ ఇవ్వకపోతే దేవుడి దగ్గర ఇవ్వాల్సి వస్తుందంటాడు. బ్రాహ్మణుడి బాకీ తల మీద పెట్టుకుని చస్తే ఏ నరకానికి పోతానో అని శంకర్ వణికిపోతాడు. అక్కడితో వాదన ముగుస్తుంది. వసూలుకు మనుషులను పంపే అవసరం లేకుండా, కోర్టుకు పోకుండా, బాకీదారు మనసులోనే ఒక వసూలుదారు కూర్చున్నాడు. విప్రుడు వడ్డీ వ్యాపారి మాత్రమే అయి ఉంటే ఇంత సులువుగా సాగేది కాదు. ఒకే మనిషి చేతిలో డబ్బు, కులం వల్ల వచ్చిన గౌరవం, పాపపుణ్యాల మీద మాట్లాడే హక్కు కలిసి ఉండటం వల్ల సాగింది. మన దగ్గర ఆ స్థానంలో దొరో, పటేలో, షావుకారో ఉండవచ్చు. మూడు నాలుగు అధికారాలు ఒక్కచోట పోగుపడటమే గమనించాల్సింది.

గోధుమలకు బజారు ధర కట్టి అరవై రూపాయలకు నోటు రాయిస్తారు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఏడాదిలో తీర్చకపోతే మూడున్నర. స్టాంపు ఖర్చు, రాయించిన ఖర్చు కూడా శంకర్ మీదే. కళ్లాల్లో నోటిమాటగా ఉన్నది ఇప్పుడు చట్టం గుర్తించే పత్రమైంది. కథలో చాలామంది పట్టించుకోని మలుపు ఇదేననుకుంటాను. రాతపూర్వకంగా ఉంటే పేదవాడికి రక్షణ అని మనం అనుకుంటాం. ఆ రాత ఎవరు రాస్తారు, అందులో మొదటి అంకె ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఎవరూ అడగనప్పుడు పత్రం అన్యాయానికి ముద్ర వేస్తుంది. కోర్టులో చూపేది అరవై రూపాయల నోటు. సేరుంబావు గోధుమల సంగతి అందులో ఎక్కడా ఉండదు.

ఆ ఏడాది శంకర్ పడిన కష్టం చదువుతుంటే గుండె పట్టేస్తుంది. ఒంటి పూట తిండితో నెట్టుకొస్తాడు. చిలుం మానేస్తాడు. ఒంటి మీద బట్ట కూడా తగ్గించుకుంటాడు. ఏడాది తిరిగేసరికి అరవై రూపాయలు పోగేసి తెచ్చి విప్రుడి ముందు పెడతాడు. విప్రుడు లెక్క చూసి, వడ్డీ పదిహేను రూపాయలు ఇంకా ఉందంటాడు. ఆ పదిహేను కోసం శంకర్ ఊరంతా తిరుగుతాడు. ఒక్కడూ అప్పివ్వడు. శంకర్‌ను నమ్మక కాదు, విప్రుడి వేటను ఆపితే తమకేమవుతుందోనని.

బంధిత శ్రమకు తలుపు మూసుకునే క్షణం ఇది. శంకర్ సొమ్ములో నాలుగింట మూడు వంతులకు పైగా తెచ్చాడు. ఊళ్లో ఇంకొక్క అప్పు దొరికే చోటు ఉంటే బయటపడేవాడే. బ్యాంకు, సహకార సంఘం, బంధువు, ఎవరైనా సరే. వడ్డీ ఎంత ఎక్కువైనా పోటీగా ఇంకొకరు ఉన్నంతకాలం అది అప్పుగానే ఉంటుంది. పోటీ లేనప్పుడు అదే అప్పు మనిషిని పట్టి ఉంచే పట్టు అవుతుంది.

ఆ దెబ్బతో శంకర్ కుంగిపోతాడు. ఏడాది పొడవునా కడుపు మాడ్చుకుని దాచిందంతా ఎందుకూ కొరగాకపోయాక, ఇంకా మాడ్చుకోవడం దేనికనుకుంటాడు. వచ్చిన కూలి డబ్బు తిండికీ బట్టకూ ఖర్చు పెట్టేస్తాడు. బయటి నుంచి చూసేవాళ్లకు ఇది సోమరితనంలా, దుబారాలా కనబడుతుంది. పేదలు డబ్బు నిలుపుకోలేరని తేలిగ్గా తీర్పు చెప్పేవాళ్లు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. ఎంత దాచినా గమ్యం చేరదని తెలిశాక దాచకపోవడం తెలివితక్కువ పని కాదు.

మూడేళ్లకు బాకీ నూట ఇరవై అవుతుంది. డబ్బు లేదంటే, నా ఇంట్లో పనిచెయ్యి అంటాడు విప్రుడు. రోజుకు అరసేరు యవలు, ఏడాదికో కంబళి, తొడుక్కోవడానికో చొక్కా ఇస్తానంటాడు. నీ పని వడ్డీ కింద జమ, అసలు ఎప్పుడిచ్చినా సరేనంటాడు.

ఈ చివరి షరతే మొత్తం వ్యవస్థకు ఇరుసు. పని వడ్డీకి సరిపోతుంది, అసలు కదలదు. ఆ మనిషికి చేతిలోకి నగదు రాదు కాబట్టి అసలు తీర్చే దారి లేదు. ఇరవయ్యేళ్లంటే 240 నెలలు. నెలకు ఎనిమిదణాలు, అంటే అర్ధ రూపాయి, అసలు కింద జమ చేసినా 120 రూపాయలు పూర్తిగా తీరిపోయేవి. ఒక మనిషి నెల పొడవునా చేసిన చాకిరీకి వడ్డీ పోగా అర్ధ రూపాయి కూడా విలువ లేదని చిట్టా చెప్పింది. అప్పు తీరకపోవడం ప్రమాదవశాత్తూ జరిగింది కాదు. విప్రుడికి డబ్బు తిరిగి రావడం అక్కర్లేదు. తిరిగి వస్తే పనిమనిషి పోతాడు.

కథ ముగిస్తూ ప్రేమ్‌చంద్ పాఠకుడితో నేరుగా మాట్లాడతాడు. దీన్ని కట్టుకథ అనుకోవద్దని చెబుతాడు.

మన నేల మీద

తెలుగు నేల మీద ఇది ఎంత నిజమో 1976 నాటి చట్టం చూస్తే తెలుస్తుంది. బంధిత శ్రమ వ్యవస్థను దేశమంతటా రద్దు చేస్తూ పార్లమెంటు చేసిన ఆ చట్టంలో, ఏయే పేర్లతో ఈ వ్యవస్థ నడిచిందో ఒక జాబితా ఉంది. అందులో భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో పెళ్లికో తిండికో అప్పు తీసుకున్న మనిషి దొర ఇంటికి భగేలాగా వెళ్లేవాడు. నిజాం ప్రభుత్వమే 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన చేయాల్సి వచ్చింది. నిబంధనలు కాగితం మీదే ఉండిపోయాయి గనుకనే ఆ పేరు నలభై ఏళ్ల తరువాత కూడా రద్దు చేయాల్సిన జాబితాలోకి ఎక్కింది. ఆ చట్టం రావడానికీ, అమలు కావడానికీ పాటుపడినవారిలో ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌ను మన రెండు రాష్ట్రాల్లోనూ దళిత కూలీలు ఇప్పటికీ తలచుకుంటారు.

ఆ చట్టం చదివేటప్పుడు చాలామంది ఆగని చోట ఒకటుంది. అప్పు కారణంగా కూలి లేకుండానో, నామమాత్రపు కూలికో పనిచేయడాన్నే అది బంధిత శ్రమ అని సరిపెట్టలేదు. ఇష్టమైనచోట పనిచేసే స్వేచ్ఛ పోయినా, ఇష్టమైనచోటికి వెళ్లే స్వేచ్ఛ పోయినా, తన ఆస్తినో తన శ్రమతో పండినదాన్నో బజారు ధరకు అమ్ముకునే హక్కు పోయినా అది ఆ నిర్వచనంలోకి వస్తుంది. చివరిదాన్ని కౌలురైతు పక్కన పెట్టి చూడండి. పాలేరు సంకెల అందరికీ కనిపిస్తుంది. కౌలురైతు సంకెల ధాన్యం ధరలో దాక్కుని ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే అయినా, వరి పండించే ఊళ్లో ఎవరిని అడిగినా పద్ధతి ఇదేనంటారు. రెండెకరాలు కౌలుకు చేసే రైతు ఎకరాకు ముప్ఫై బస్తాల చొప్పున అరవై బస్తాలు పండించాడనుకుందాం. బస్తా డెబ్బై అయిదు కిలోలు. అందులో సగం, ముప్ఫై బస్తాలు, భూమి యజమానికి కౌలు. మిగిలింది ముప్ఫై బస్తాలు. పెట్టుబడికి ఎరువుల కొట్టు నడిపే వ్యాపారి దగ్గర 60 వేలు తెచ్చాడు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఆరు నెలలకు వడ్డీ 7,200. మొత్తం 67,200 కట్టాలి. షరతు ఒకటుంది, ధాన్యం ఆ వ్యాపారికే వేయాలి. బయట బస్తా 1,700 ఉంటే ఆయన 1,500కు తీసుకుంటాడు. ముప్ఫై బస్తాలకు 45 వేలు వచ్చింది. బాకీ 22,200 మిగిలింది.

బస్తాకు తగ్గిన రెండు వందలు ముప్ఫై బస్తాలకు ఆరు వేలు. దాన్ని ఎవరూ వడ్డీ అనరు. కానీ ఆ అప్పు లేకపోతే ఆ ఆరు వేలు పోయేవి కావు. కనిపించే 7,200కు ఆ 6,000 కలిపితే 13,200. అంటే నూటికి రెండు రూపాయలన్న వడ్డీ అసలులో మూడు రూపాయల అరవై ఆరు పైసలు. అదే కొట్లో అరువుకు తెచ్చిన పురుగు మందుకు ఎక్కువ ధర వేస్తే ఇంకా పెరుగుతుంది. శంకర్ కళ్లంలో ఎక్కువ కొలిచిన గింజలు చిట్టాకు ఎక్కనట్టే, ఈ ఆరు వేలూ ఎక్కడా రాసి ఉండవు. వచ్చే పంటకు 22,200 పాత బాకీతో దుక్కి మొదలవుతుంది. పాత బాకీ ఉన్నంతకాలం ఇంకో వ్యాపారి దగ్గరికి పోలేడు. పోతే పాతది ఒక్కసారిగా కట్టమంటారు.

ఈ తరహా కట్టుబాటును ఆర్థికవేత్త అమిత్ భాదురి 1973లో రాసిన పరిశోధనా వ్యాసంలో పశ్చిమ బెంగాల్ పల్లెల అనుభవంతో వివరించాడు. అక్కడ భూమి ఇచ్చేవాడూ, తిండికి అప్పు ఇచ్చేవాడూ ఒక్కడే. కౌలుదారు పంట పెరిగితే అతను అప్పు చేయడం తగ్గిస్తాడు. అప్పు తగ్గితే భూస్వామికి వడ్డీ రాబడి తగ్గుతుంది. అందుకే మంచి విత్తనం, నీటి వసతి లాంటివి వచ్చినా వాటిని ప్రోత్సహించడంలో భూస్వామికి లాభం ఉండకపోవచ్చని భాదురి వాదన. దీన్ని తరువాత చాలామంది ఆర్థికవేత్తలు ప్రశ్నించారు. భూస్వామి కౌలు పెంచుకుని ఆ లాభం తానే తీసుకోవచ్చు గదా అన్నారు. ఆ చర్చ ఎలా తేలినా, అప్పునూ భూమినీ విడివిడిగా చూడకూడదన్న మాట మాత్రం నిలిచింది.

మన కౌలురైతు వడ్డీ వ్యాపారి దగ్గరికే ఎందుకు వెళ్తాడంటే, బ్యాంకు పొలం కాగితం అడుగుతుంది. కాగితం యజమాని పేరు మీద ఉంటుంది. పంట రుణం ఆయన పేరు మీదే వస్తుంది, దున్నేది ఇంకొకడు. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారులకు రుణార్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల కార్డు. దానికి యజమాని సంతకం కావాలని పెట్టారు. కౌలు మాట కాగితం మీదికొస్తే పొలం మీద హక్కు అడుగుతారేమోనని యజమాని భయం. సంతకం అడిగితే వచ్చే ఏడాది పొలమే ఇవ్వడేమోనని కౌలుదారు భయం. ఇద్దరి భయం మధ్య వడ్డీ వ్యాపారి కొట్టు నడుస్తుంది.

అప్పుకూ బంధనానికీ తేడా

అప్పులున్న ప్రతి రైతునూ బంధితుడనడం సరికాదు. అలా అంటే ఆ మాటకున్న పదును పోతుంది, నిజంగా బంధనంలో ఉన్నవాళ్లు గుంపులో కలిసిపోతారు. తేడా తెలుసుకోవడానికి నేను మూడు సంగతులు చూస్తాను. లెక్క అడిగితే చూపిస్తారా, చేసిన పనికో ఇచ్చిన పంటకో తగ్గట్టు అసలు తగ్గుతోందా, బాకీ ఉండగానే వేరేచోట పని చేసుకోగలడా, వేరేచోట అమ్ముకోగలడా. మూడింటికీ కాదని జవాబు వస్తే అది వడ్డీ వ్యాపారం దాటిపోయింది. బాకీ తండ్రి నుంచి కొడుక్కి దిగిందంటే ఇక సందేహించాల్సిన పనే లేదు.

చట్టం దృష్టి కూడా ఇంచుమించు ఇదే. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చినా అది నామమాత్రపు కూలే. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఆకలి, పేదరికం వల్ల గత్యంతరం లేక కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు శ్రమే అంది. ‘ఇష్టపడే చేస్తున్నాడు’ అన్న యజమాని మాట దాంతో చెల్లకుండా పోయింది. శంకర్ కూడా ఇష్టపడే ఒప్పుకున్నాడని విప్రుడు అనగలడు గదా. నోటు మీద సంతకం ఉంది.

కథకు హద్దులూ ఉన్నాయి. విప్రుడి దుర్బుద్ధి ఎంత గట్టిగా కనిపిస్తుందంటే, మంచి మనిషి అప్పిస్తే సమస్య ఉండదేమో అనిపిస్తుంది. పొలం మీద పన్నులు, జమీందారు, ప్రభుత్వం కథలోకి రావు. సంయుక్త రాష్ట్రాల రైతు బతుకులో అవి ఎంత బరువో ప్రేమ్‌చంద్ మిగతా రచనల్లో కావలసినంత ఉంది. శంకర్ భార్య గోధుమలు విసిరింది, ఇల్లు గడవడానికి కష్టపడింది. ఆ శ్రమ ఏ చిట్టాలోనూ లేదు. కథలో కూడా అది రెండు మూడు మాటల్లో దాటిపోతుంది. బంధిత కుటుంబాల్లో ఆడవాళ్ల పని ఎప్పుడూ బాకీలోకే పోతుంది, జమలోకి రాదు. తరగతిలో ఈ ఖాళీని కూడా చర్చకు పెట్టాలి. శంకర్ ఎదురు తిరగలేదన్నది కూడా అలాగే. భగేలాలూ, జీతగాళ్లూ తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టి మానేసి లేచి నిలబడ్డ చరిత్ర మన పక్కనే ఉంది. శంకర్‌ను పరిచయం చేసిన తరగతి ఆ చరిత్రను కూడా చెప్పాలి.

చివరిగా పాఠకులకు ఒక మాట. మీ ఊళ్లో, ఇటుక బట్టీలో, చేపల చెరువు దగ్గర, ఎవరి పొలంలోనైనా అడ్వాన్సు పేరు చెప్పి మనిషిని కదలనివ్వడం లేదని తెలిస్తే కలెక్టరుకో, ఆర్డీవోకో రాతపూర్వకంగా చెప్పండి. జిల్లా, డివిజన్ స్థాయుల్లో ఇందుకోసం విజిలెన్స్ కమిటీలు ఉండాలని చట్టమే చెప్పింది. విచారణలో తేలితే విడుదల పత్రం ఇవ్వాలి, పునరావాస సాయం అందాలి. ఆ పత్రం చేతికి రాకపోతే సాయమూ రాదు కాబట్టి దాన్ని వదలకుండా అడగండి. అప్పు కాగితం లేదే, రుజువు ఎలా అని వెనక్కి తగ్గకండి. అది బంధిత రుణం కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యతను ఆ చట్టంలోని 15వ సెక్షన్ అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. అలాంటి బాకీలన్నీ చట్టం వచ్చిన నాడే రద్దయ్యాయి. రద్దయిన బాకీ కింద ఇప్పుడు డబ్బు పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరమే.